ఇన్సిడెన్స్, ప్రివలెన్స్, స్టాండర్డైజ్డ్ రేట్లు: సర్వే రిపోర్టు, మూడో అధ్యాయం

ఈ అధ్యాయం విశాఖపట్నంలోని పట్టణ ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఫీల్డ్ పోస్టింగ్ చేస్తున్న విద్యార్థుల కోసం రాసింది. తర్వాతి అధ్యాయం నుంచి అన్నీ పట్టికలే. ఏ రేటు కనిపించినా ముందు హారం చూడండి. కింద ఎవరిని లెక్కపెట్టారు? వాళ్లను ఎంతకాలం చూశారు? ఈ రెండూ తెలియకపోతే పైన ఎన్ని కేసులున్నా ఆ రేటుకు అర్థం లేదు. ఇక్కడి లెక్కల్లో అంకెలు అభ్యాసానికి వేసుకున్నవే, సర్వే ఫలితాలు కావు.

గాజువాక వైపు ఒక బస్తీలో 1,000 మంది పెద్దలకు షుగర్ పరీక్ష చేశామనుకుందాం. 100 మందికి ఉన్నట్టు తేలింది. ఆ రోజుకు ప్రివలెన్స్ 10 శాతం. జబ్బు పదేళ్ల నాటిదా, పోయిన నెల వచ్చిందా అన్నది ఇక్కడ అడగం. ఈ రోజు ఎంతమందికి ఉంది, అంతే. మందులు ఎన్ని తెప్పించాలో, వారానికి ఎన్ని రోజులు క్లినిక్ నడపాలో ఈ అంకె చెబుతుంది.

ఇన్సిడెన్స్ కొత్త కేసుల లెక్క. జబ్బు ఇప్పటికే ఉన్న 100 మందికి అది కొత్తగా రాదు కాబట్టి వాళ్లను హారంలోంచి తీసేయాలి. మిగిలింది 900. ఏడాది తర్వాత వాళ్లలో 18 మందికి షుగర్ వస్తే 18/900, అంటే ఏడాదిలో 2 శాతం రిస్క్. ఏటా కొన్ని రికార్డు పుస్తకాల్లో ఇది 18/1,000 అని కనిపిస్తుంది. తేడా చిన్నదే అనిపించవచ్చు. జబ్బు ఎక్కువగా ఉన్న చోట మాత్రం ఆ తప్పే ఇన్సిడెన్స్‌ను బాగా తగ్గించి చూపిస్తుంది.

అయితే ఆ 900 మందీ ఏడాదంతా మన కళ్లముందు ఉండరు. 60 మంది సుమారు ఆరు నెలలకే పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లిపోయారనుకోండి. వాళ్లను పూర్తిగా వదిలేయడం తప్పు, ఏడాదంతా ఉన్నట్టు లెక్కవేయడమూ తప్పు. అందుకే మనిషి-సంవత్సరాల్లో లెక్కిస్తాం. చివరిదాకా ఉన్నవాళ్లు 822. వెళ్లిపోయిన 60 మంది ఇచ్చినది 30. జబ్బు పడిన 18 మంది, సగటున ఏడాది మధ్యలో పడ్డారనుకుంటే, ఇచ్చినది 9. మొత్తం 861. ఇన్సిడెన్స్ రేటు 18/861, అంటే 1,000 మనిషి-సంవత్సరాలకు 20.9.

ఇంటింటి సర్వేలో ఈ రెండు రేట్లూ ఒకేచోట చెడిపోతాయి. గ్లూకోమీటర్ పట్టుకుని గుమ్మంలో నిలబడతారు, రీడింగ్ మామూలుగానే వస్తుంది. "నాకిప్పుడు షుగర్ లేదమ్మా, మాత్ర వేసుకుంటన్నాను కదా" అంటుంది ఆ ఇంటావిడ. ఫారంలో 'లేదు' అని రాస్తే ప్రివలెన్స్‌లో ఒక కేసు పోయినట్టే. వచ్చే ఏడాది మాత్రలు మానేసి రీడింగ్ పెరిగితే ఆవిడే కొత్త కేసుగా ఇన్సిడెన్స్‌లో చేరుతుంది. అందుకే ఫారంలో మందుల ప్రశ్న పరీక్ష కంటే ముందు పెట్టాం. దాన్ని దాటవేయకండి. మాత్రల అట్ట తెచ్చి చూపించమని అడగండి.

రెండు కొలతలకూ సంబంధం ఉంది. పరిస్థితి నిలకడగా ఉండి, జబ్బు అరుదైనదైతే:

ప్రివలెన్స్ ≈ ఇన్సిడెన్స్ × జబ్బు సగటు కాలం

దీన్ని అర్థం చేసుకోవడానికి కుష్ఠు చరిత్ర చూడాలి. బహుళ ఔషధ చికిత్స వచ్చాక రోగి చికిత్స రిజిస్టరులో ఉండే కాలం ఏళ్ల నుంచి నెలలకు తగ్గింది. కోర్సు పూర్తయితే పేరు తీసేస్తారు. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద ప్రివలెన్స్ 10,000 మందికి ఒకటి కంటే తక్కువకు చేరింది. ఆ తగ్గుదలలో పెద్ద వాటా కాలం తగ్గడానిదే. కొత్త కేసులు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి, ఇప్పటికీ వస్తున్నాయి. హెచ్‌ఐవీలో దీనికి ఎదురు: మందులతో మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు కాబట్టి ప్రివలెన్స్ పెరగవచ్చు. ఆ పెరుగుదల మంచి వార్త. ప్రివలెన్స్ తగ్గితే సంతోషించాలనీ, పెరిగితే భయపడాలనీ ఎక్కడా రాసి లేదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2011 జనగణనలో విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీశాక పాడేరు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాకు, అనకాపల్లి వేరే జిల్లాకు వెళ్లాయి. ఈనాటి జిల్లా కేసులను ఆ పాత జనాభాతో భాగిస్తే ప్రతి జబ్బూ తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. మలేరియాలో ఇంకా ఘోరం. భారం ఎక్కువగా ఉన్న మన్యం కేసులు లవంలోంచి కూడా వెళ్లిపోయాయి కదా. 2021ని 2023తో పోల్చి 'మలేరియా నియంత్రణలో గొప్ప విజయం' అని రాయకండి. రెండేళ్లకూ ఒకే సరిహద్దు గీసి లెక్కించండి.

ఆసుపత్రి కేసుల సంగతీ అంతే. కేజీహెచ్‌కు ఉత్తరాంధ్ర మొత్తం నుంచే కాక సరిహద్దున ఉన్న ఒడిశా జిల్లాల నుంచి కూడా రోగులు వస్తారు. వాళ్లు ఏ జనాభాలోంచి వచ్చారో తెలియకుండా వార్డు రిజిస్టరు పట్టుకుని నగర ఇన్సిడెన్స్ కట్టలేం.

ఇక స్టాండర్డైజేషన్. రెండు ప్రాంతాలు తీసుకుందాం, ఒక్కోచోట 10,000 మంది. 'క' విశ్రాంత ఉద్యోగులు ఎక్కువగా స్థిరపడ్డ కాలనీ. 'ఖ' పిల్లాపాపలతో ఉన్న కుర్ర కుటుంబాల వార్డు. ఏడాది మరణాలు ఇవి:

| వయసు | క: జనాభా | క: మరణాలు | క: 1,000కి | ఖ: జనాభా | ఖ: మరణాలు | ఖ: 1,000కి |
|---|---|---|---|---|---|---|
| 40 లోపు | 4,000 | 4 | 1 | 7,000 | 14 | 2 |
| 40–59 | 3,000 | 15 | 5 | 2,000 | 16 | 8 |
| 60 పైన | 3,000 | 90 | 30 | 1,000 | 40 | 40 |
| మొత్తం | 10,000 | 109 | 10.9 | 10,000 | 70 | 7.0 |

చివరి వరుస ఒక్కటే చూస్తే 'క'లో పరిస్థితి ఘోరం అనిపిస్తుంది. పైవరుసలు ఒక్కొక్కటీ చదవండి. ఏ వయసులోనైనా ఎక్కువగా చనిపోతున్నది 'ఖ' వాళ్లే. 'క'లో పెద్దవాళ్లు ఎక్కువ కాబట్టి మొత్తం రేటు పెరిగింది.

ప్రత్యక్ష పద్ధతిలో రెండింటికీ ఒకే వయసు కూర్పు ఇస్తాం. రెండు జనాభాలనూ కలిపితే 11,000, 5,000, 4,000. దీనికి 'క' వయసువారీ రేట్లు వేస్తే 11 + 25 + 120 = 156 మరణాలు. 20,000 మందికి 156 అంటే వెయ్యికి 7.8. 'ఖ' రేట్లు వేస్తే 22 + 40 + 160 = 222, వెయ్యికి 11.1. వరుస తారుమారైంది. చివరి వరుసలోని, వయసు సవరించని క్రూడ్ రేటుతో ఆగిపోయి ఉంటే సాయం అందాల్సిన వార్డును మనమే పక్కన పెట్టేవాళ్లం.

స్టాండర్డ్ జనాభా మారితే 7.8, 11.1 కూడా మారతాయి. కాబట్టి ఏది వాడారో పట్టిక కిందే రాయాలి. దేశాల మధ్య పోలికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జనాభా ఉంది. క్యాన్సర్ రిజిస్ట్రీల్లో చూసే వయసు సవరించిన రేట్లు కూడా ఇలా ఒక ప్రామాణిక జనాభాకు సరిచేసినవే.

ఏజెన్సీ గూడెం లాంటి చిన్న జనాభాలో ఒక్కో వయసుకు మరణాలు ఒకటీ అరా ఉంటాయి. ఆ రేట్లు నిలకడగా ఉండవు. అక్కడ పరోక్ష పద్ధతి వాడతాం. రాష్ట్రం వయసువారీ రేట్లను గూడెం జనాభాకు వేస్తే 12 మరణాలు రావాలి, నిజంగా 18 జరిగాయనుకోండి. జరిగిన మరణాలను ఆశించిన మరణాలతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది ఎస్‌ఎంఆర్: 18/12 × 100 = 150. అంటే ఆశించినదానికంటే 50 శాతం ఎక్కువ. కానీ ఒక గూడెం 150ని ఇంకో గూడెం 130తో నేరుగా పోల్చకండి. ఒక్కోదానికి తన సొంత వయసు కూర్పే బరువుగా పనిచేసింది.

మీ రిపోర్టులో క్రూడ్ రేటును మాత్రం తీసేయొద్దు. 'క'లో ఆ 109 మంది నిజంగానే చనిపోయారు. అక్కడ ఎన్ని పడకలు కావాలో, ఎన్ని ఇళ్లకు నర్సు వెళ్లాలో ఆ అంకెతోనే తేలుతుంది. రెండు రేట్లూ పక్కపక్కన, వయసువారీ పట్టికతో సహా ఇవ్వండి.