బాంబు టిక్‌టిక్‌మంటుంటే: చిత్రహింస ఎప్పుడైనా సమర్థనీయమా?

బాంబు ఎక్కడ పెట్టారో తెలిసినవాడు చేతికి చిక్కాడు, నోరు విప్పడం లేదు. వాణ్ని హింసించి వందల మందిని కాపాడవచ్చా? దీనికి జవాబు ఊహల్లో వెతికేకన్నా ఫ్రాంక్‌ఫర్ట్ కేసులో వెతకడం మేలు.

2002 సెప్టెంబరు చివర్లో అక్కడ ఒక లా విద్యార్థి పదకొండేళ్ల పిల్లాణ్ని ఎత్తుకెళ్లి పది లక్షల యూరోలు అడిగాడు. డబ్బు తీసుకున్నాక దొరికిపోయాడు, కానీ పిల్లాడి జాడ చెప్పలేదు. అక్టోబరు 1 ఉదయం, నగర పోలీసు ఉప అధిపతి వోల్ఫ్‌గాంగ్ డాష్నర్ ఆదేశంపై, ఒక డిటెక్టివ్ అతనికి గట్టిగా చెప్పాడు: నిజం చెప్పకపోతే, తీవ్రమైన నొప్పి పుట్టించే శిక్షణ ఉన్న మనిషి వస్తాడు. దాదాపు పది నిమిషాల్లో అతను చోటు చెప్పేశాడు. అక్కడ దొరికింది శవం. ఎత్తుకెళ్లిన రోజే చంపేశాడు.

ఫలితవాది లెక్క సూటిగా ఉంటుంది: ఒకవైపు నేరస్తుడి నొప్పి, మరోవైపు పిల్లాడి ప్రాణం. ఆ ఉదయం డాష్నర్‌కు తెలిసినంతలో ఆ లెక్కను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. పిల్లాడి తల్లిదండ్రుల స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్నేమో.

కానీ ఫలితాలే కొలత అయితే అన్నీ లెక్కలోకి రావాలి. దొరికినవాడు అసలు దోషి కాకపోవచ్చు. నొప్పి ఆగడానికి ఏదో ఒకటి చెప్పవచ్చు. అమెరికా పట్టుకుని ఈజిప్టుకు పంపగా అక్కడ హింసకు లోనైన అనుమానిత ఉగ్రవాది అల్ లీబీ, ఇరాక్‌కూ అల్ ఖైదాకూ సంబంధం ఉందని చెప్పాడు. 2003 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఆ మాటల్ని ఐక్యరాజ్యసమితిలో వినిపించారు. తర్వాత అల్ లీబీ వాటిని వెనక్కి తీసుకున్నాడు, అప్పటికే ఇరాక్ యుద్ధం మొదలైపోయింది. పైగా హింసించడం వచ్చినవాళ్లు కావాలంటే ముందే నేర్పి ఉంచాలి. అలా నేర్చిన చేతులు బాంబు కోసమే ఎదురుచూస్తూ కూర్చోవు. థర్డ్ డిగ్రీ చిన్న దొంగతనం కేసుల్లోకి కూడా ఎలా పాకుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫలితం ఏదైనా కొన్ని పనులు చేయకూడదనే కర్తవ్యవాది ఈ లెక్కే మొదలుపెట్టడు. మనిషిని కేవలం సాధనంగా వాడకూడదన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్. చిత్రహింస అంతకంటే లోతుకు పోతుంది: మనిషి శరీరాన్నే అతని సంకల్పం మీదికి ఉసిగొల్పుతుంది. మరి పిల్లాడి హక్కు సంగతేంటి అంటే, కాపాడే బాధ్యత ఉంది గానీ ఏ దారిలోనైనా కాపాడే బాధ్యత లేదంటాడు కర్తవ్యవాది. ఈ జవాబు కఠినంగా అనిపిస్తుంది, అయినా నేను దీని వైపే ఉన్నాను. ఇన్ని ప్రాణాలు దాటితే హద్దు సడలుతుందనే కర్తవ్యవాదులూ ఉన్నారు. ఎన్ని అని అడిగితే మాత్రం ఏ అంకె చెప్పినా నిలబడదు.

2004లో జర్మన్ కోర్టు డాష్నర్‌ను దోషిగా తేల్చి, జరిమానా కూడా వెంటనే కట్టనక్కర్లేదని హెచ్చరికతో వదిలేసింది. 2010లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, ప్రాణం కాపాడటానికైనా చిత్రహింస నిషేధానికి మినహాయింపు లేదంది. హంతకుడి శిక్ష మాత్రం అలాగే ఉంది. చేసింది తప్పే, చేసినవాడి మీద మాత్రం కనికరం చూపవచ్చు. చట్టం ముందే అనుమతి ఇవ్వడం వేరు, తర్వాత జాలిపడటం వేరు. డాష్నర్ తన ఆదేశాన్ని దాచలేదు. ఆ రోజే తనే ఫైలులో రాసిపెట్టాడు. కేసు మొదలైంది ఆ కాగితంతోనే.