సోమవారం నుంచి చెప్పుకోవలసిన మాటలు

పదకొండేళ్ల విరామం తరువాత విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక ఆడిట్ కార్యాలయంలో చేరబోతున్న మా చెల్లెలు తనకు తాను చెప్పుకోవడానికీ, ఎవరైనా అడిగినప్పుడు తడబడకుండా పలకడానికీ నేను ఆమె డైరీలో రాసి ఇచ్చిన మాటలివి.

నేను 2014లో ఉద్యోగం మానేశాను, 2025లో మళ్లీ చేరుతున్నాను. ఈ రెండు సంవత్సరాలనూ నా దరఖాస్తులో ఉన్నవి ఉన్నట్టే రాశాను.

చేసిన విద్య ఎక్కడికీ పోదని పెద్దలు ధైర్యం చెబుతారు. నాది కొంత పోయింది. నేను మానేసేనాటికి వ్యాట్ లెక్కలు చూసేదాన్ని. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు నా తోటివారు పనిలో ఉండి, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ దానిని నేర్చుకున్నారు, నేను ఇప్పుడు పుస్తకం ముందు కూర్చుని నేర్చుకుంటున్నాను.

పోనిది కూడా ఉంది. ట్రయల్ బ్యాలన్స్ కలవకపోతే తేడాను తొమ్మిదితో భాగించి చూడాలని, శేషం లేకుండా భాగింపబడితే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండవచ్చని నాకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

మన హార్బరు కాలువలో ఇసుక పేరుకుంటూనే ఉంటుంది, దానిని తవ్వి తీస్తూనే ఉంటారు. పూడిక చేరిందని రేవును మూసివేయరు. పూడికే లేదనుకొని ఓడను లోపలికి తీసుకురారు.

(తరువాతి మాట ఇంటర్వ్యూలో అడిగినవారికి చెప్పవలసినది. దీనిని నేను నాలుగుసార్లు తిరగరాశాను.)

పక్షవాతం వచ్చిన మామగారినీ, ఇద్దరు పిల్లలనూ చూసుకున్నానండీ. దానిని ఆడిట్ అనుభవంగా చూపించుకోను, కానీ అది వృథాగా గడిచిన కాలమంటే మాత్రం ఒప్పుకోను.

మీరు వయసులో నాకంటే చిన్నవారైనా ఈ ఆఫీసులో నాకు సీనియరు. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బితో సరిచూసే పద్ధతి ఒక్కసారి చూపించండి, రెండోసారి నేను చేస్తాను, మీరు పక్కన ఉండి తప్పులు చెప్పండి.

నాతో చేరినవారిలో కొందరు ఇప్పుడు మేనేజర్లు. ఆ ఇంక్రిమెంట్లు నాకు తిరిగి రావని తెలుసు, వారి పేర్లు విన్నప్పుడు బాధ కలుగుతుందని కూడా తెలుసు. ఆ బాధతోనే హాజరు పట్టీలో సంతకం పెడతాను, చెయ్యి వణకకుండా పెడతాను.

అత్తయ్యగారూ, మధురవాడలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఏడు దాటుతుంది. కుక్కరు ఆయన పెడతారు, కూర నేను వచ్చి చేస్తాను.