మాడిశెట్టి స్వరూప: వ్యక్తిగత వివరాలు, పని అనుభవం

దరఖాస్తు చేస్తున్న ఉద్యోగం: పిండివంటలు, పచ్చళ్ల తయారీ కేంద్రంలో ఉత్పత్తి పర్యవేక్షకురాలు (స్టోర్స్ బాధ్యతతో కలిపి)

నివాసం: కిషన్‌పుర, హన్మకొండ. ఫోన్ నంబరు, ఈ-మెయిల్ మీ దరఖాస్తు ఫారంలో రాశాను.

నా గురించి

నేను 2014 నుంచి 2025 మార్చి వరకు పదకొండేళ్ల పాటు మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో సకినాలు, గర్జెలు, మడుగులు, అరిసెలు, మామిడికాయ తొక్కు తయారు చేయించి అమ్మాను. సరుకు కొనడం, పనివాళ్లను కుదుర్చుకోవడం, రుచి చూడటం, లెక్క రాయడం, డబ్బు వసూలు చేయడం అన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి. ఈ కాలాన్ని కొందరు "ఇంట్లో ఉన్న ఏళ్లు" అంటారు. పనివాళ్ల కూలి ఒక్క వారం కూడా ఆపకుండా నడిపిన ఆ పదకొండేళ్లను నేను ఉద్యోగ అనుభవంగానే లెక్కిస్తున్నాను, మీరూ అలాగే పరిశీలించాలని కోరుతున్నాను.

సొంత వ్యాపారం, 2014–2025

మొదటి సంక్రాంతికి నేను అమ్మినవి 22 కిలోల సకినాలు, అదీ మా వీధిలోనే. 2023 సంక్రాంతికి 18 రోజుల్లో 640 కిలోలు వెళ్లాయి. అందులో సగానికి పైగా హైదరాబాద్‌కు ఆర్టీసీ కార్గోలో పంపినవే. ఆ సీజన్‌లో తొమ్మిది మంది మహిళలు నా దగ్గర పని చేశారు. మిగతా రోజుల్లో ముగ్గురే ఉండేవారు. 2022–23లో మొత్తం అమ్మకం 7 లక్షల 40 వేల రూపాయలు. అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవారికి వర్తించిన ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రాథమిక నమోదును 2018లో తీసుకుని, వ్యాపారం ముగించే వరకు గడువు తప్పకుండా రెన్యూవల్ చేయించాను.

ఆ నమోదుకు ముందు నాకొక నష్టం జరిగింది. దాన్ని దాచకుండా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నేను పని చేసే పద్ధతి అక్కడి నుంచే మారింది. 2017 జూన్‌లో పెట్టిన మామిడికాయ తొక్కులో అరకిలో సీసాలు 40 అమ్మాను. పదిహేను రోజుల్లో వాటిలో పదకొండు సీసాల్లో పైభాగాన తెల్లగా బూజు పట్టిందని ఫోన్లు వచ్చాయి. పొద్దున కడిగిన సీసాలను ముసురు పట్టిన రోజున పూర్తిగా ఆరకముందే నింపడం, కొన్నింటిలో నూనె ముక్క మీదికి తేలకపోవడం కారణాలని గుర్తించాను. ఏ సీసా ఏ రోజు నింపిందో చెప్పే నంబరు అప్పుడు నా దగ్గర లేదు. అందువల్ల కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి, బాగున్న సీసాలతో సహా అన్నీ వెనక్కి తెప్పించి, 7,200 రూపాయలు తిరిగి ఇచ్చాను. ఆ మరుసటి వారం నుంచే బ్యాచ్ రిజిస్టరు మొదలుపెట్టాను. తయారైన తేదీ, మిర్చి, నూనె ఏ బస్తా, ఏ డబ్బా నుంచి తీశామన్నది, ఎవరు నింపారు, ఎవరికి అమ్మాం అన్న వివరాలు ప్రతి బ్యాచ్‌కూ అందులో ఉంటాయి. సీసాలు ఒక రోజంతా ఎండలో బోర్లించనిదే నింపనివ్వలేదు. ఆ తర్వాత బూజు ఫిర్యాదు ఒక్కటి కూడా రాలేదు. 2017 నుంచి 2025 వరకు రాసిన ఆరు రిజిస్టర్లను ఇంటర్వ్యూకు తెస్తాను.

ధర కట్టడంలోనూ నేను నిదానంగానే నేర్చుకున్నాను. మొదటి మూడేళ్లు బియ్యం, నువ్వులు, నూనె ఖర్చు చూసి ధర చెప్పేదాన్ని. లాభం వస్తోందనే అనుకున్నాను, కాని గ్యాసు, కవర్లు, నా సొంత కష్టం అందులో లేవు. తర్వాత కిలోకు లెక్క ఇలా కట్టాను (2022 జనవరి నాటి నా పుస్తకం నుంచి): బియ్యం 30 రూపాయలు, నువ్వులు, వాము 24, నూనె 45, గ్యాసు 18, కూలి 60, కవరు, లేబులు 8, మొత్తం 185. దానికి నా పనికి 35 కలిపి 220 అయితే 270కి అమ్మాను. నూనె ధరలు 2021లో ఒక్కసారిగా పెరిగినప్పుడు, మునుపటిలా ఊహ మీద కాకుండా ఈ లెక్క చూపించి పాత ఖాతాదారులకు ధర పెంచాను. వారిలో ఎక్కువ మంది నాతోనే కొనసాగారు.

నాణ్యత విషయంలో నా కన్ను, చేయి రెండూ పని చేస్తాయి. సకినం పిండి తడి ఎక్కువైతే బట్ట మీద చుట్టిన చుట్టు లేవదు, తక్కువైతే చుట్టేటప్పుడే విరుగుతుంది. పిడికిట్లో నొక్కి చూసి నీళ్లు ఎన్ని కలపాలో చెప్పగలను. పనివాళ్లకు మాత్రం అది చేతి అంచనాగా వదిలేయక, కొలత గిన్నెతో నేర్పించాను. కొత్తగా వచ్చిన అక్కలు సాధారణంగా నాలుగు రోజుల్లో పని అందుకునేవారు. మిర్చి పంట ఎనుమాముల మార్కెట్‌కు ఎక్కువగా వచ్చే రోజుల్లోనే ఏడాది సరుకు కొని, తొడిమలు తీయించి, ఎండబెట్టి నిల్వ చేసేదాన్ని. రంగు కోసం చపాటా, కారం కోసం సన్నమిర్చి కలిపేదాన్ని.

ఉద్యోగం ఎందుకు కోరుతున్నాను

షెడ్డు ఉన్న స్థలాన్ని కుటుంబ పంపకాల్లో వదులుకోవలసి వచ్చింది. అద్దె కట్టి వేరే చోట నడిపితే నా ధరకు గిట్టదని లెక్క చూసుకుని వ్యాపారాన్ని ముగించాను. సరుకు అప్పులేవీ లేవు. మా పెద్దమ్మాయి చదువు ఖర్చు నెలనెలా ఉంటుంది కాబట్టి నాకు నిలకడైన జీతం అవసరం. పనివాళ్లకు నేర్పడం, లోపం ఎక్కడ వచ్చిందో వెతికి పట్టుకోవడం నాకు ఇష్టమైన పనులు. అందుకే ఇదే రంగంలో ఉద్యోగం చూసుకుంటున్నాను.

అంతకుముందు

2003 నుంచి 2005 వరకు హన్మకొండలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఆఫీసు గుమస్తాగా పని చేసి, ఫీజుల రసీదులు, హాజరు పట్టీ చూసుకున్నాను. 2005లో వివాహం తర్వాత తొమ్మిదేళ్లు జీతం పనికి వెళ్లలేదు. ఇద్దరు పిల్లల పెంపకంతో పాటు మంచం పట్టిన అత్తమ్మ సేవ కూడా చూసుకున్నాను. ఇప్పుడు పిల్లలు ఇద్దరూ తమ పనులు తాము చేసుకునే వయసుకు వచ్చారు.

చదువు, ఇతర నైపుణ్యాలు

కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి 2003లో బి.కాం. ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణురాలినయ్యాను. 2024లో మూడు నెలలు ట్యాలీ నేర్చుకున్నాను. ఎక్సెల్‌లో స్టాకు, కూలి పట్టీలు సొంతంగా వేసుకుంటాను. ట్యాలీలో కొనుగోలు, అమ్మకం నమోదు చేయగలను గాని, పన్ను రిటర్నులు సొంతంగా దాఖలు చేసిన అనుభవం లేదు. తెలుగు రాయడం, మాట్లాడటం బాగా వచ్చు. ఉర్దూ కలిసిన హిందీలో బేరం చేయగలను. ఇంగ్లిష్ ఉత్తరాలు చదివి అర్థం చేసుకుంటాను.

మా మహిళా సంఘంలో నాలుగేళ్లు కోశాధికారిగా ఉన్నాను. పది మంది పొదుపు, బ్యాంకు రుణ వాయిదాల లెక్క నా పుస్తకంలోనే ఉండేది. ప్రతి నెలా మీటింగులో గట్టిగా చదివి వినిపించేదాన్ని.

పని వేళలు, జీతం

ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు రాగలను. సంక్రాంతి, దసరా ముందు రోజుల్లో రాత్రి 9 దాకా ఉండగలను. మిగతా కాలంలో రాత్రి షిఫ్టుకు వీలుపడదు. నెలకు 18,000 రూపాయలు ఆశిస్తున్నాను. మీరు పిలిచిన వారం లోపు చేరగలను.

నా దగ్గర ఆరేళ్లు పనిచేసిన ఒక మహిళ, నాకు సరుకు అమ్మిన ఒక కిరాణా వ్యాపారి నా గురించి చెప్పడానికి ఒప్పుకున్నారు. వారి ఫోన్ నంబర్లు ఇంటర్వ్యూలో ఇస్తాను. డిగ్రీ పట్టా, ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు పత్రం, బ్యాచ్ రిజిస్టర్లు, ట్యాలీ శిక్షణ పత్రం అసలువే తెస్తాను.

పైన రాసిన వివరాలన్నీ నాకు తెలిసినంత వరకు నిజం.

స్థలం: హన్మకొండ
మాడిశెట్టి స్వరూప