క్విజ్ 3, రెండో ప్రశ్న: కార్తీక్‌కి

కార్తీక్,

షేర్ల ఫండ్ రిస్క్ 20 శాతం, బంగారం రిస్క్ 15 శాతం, చెరి సగం పెడితే పోర్ట్‌ఫోలియో రిస్క్ 17.5 శాతం అని రాశావు. కింద పెన్సిల్‌తో చిన్నగా "రెండింటికీ మధ్యలోనే కదా ఉండాలి?" అని కూడా రాసుకున్నావు, చెరపడం మర్చిపోయినట్టున్నావు. పది మార్కుల్లో నాలుగు కోయక తప్పలేదు. కానీ ఆ పెన్సిల్ ప్రశ్న బాగుంది, అందుకే దిద్దిన కాగితంతో పాటు ఈ నోట్ జత చేస్తున్నాను. క్లాసులో చాలామంది అదే తప్పు చేశారు, అనుమానం మాత్రం నీ ఒక్కడికే వచ్చింది.

రిటర్న్ విషయంలో నీ లెక్క కరెక్టే. షేర్లకి 12 శాతం, బంగారానికి 8, చెరి సగం అంటే 10. రిటర్న్‌లు అలా సగటైపోతాయి. రిస్క్ మాత్రం సగటు కాదు. ఎందుకు కాదో ఫార్ములాతో చెబితే నువ్వు బట్టీ కొడతావు, అందుకని ముందు మీ ఇంటికే వెళ్దాం.

హిందూపురం దగ్గర మీ నాన్నగారి వేరుశనగ పొలం, ఇక్కడ బెంగళూరు వర్తూరులో మీ బాబాయి నీళ్ల ట్యాంకర్, వీటి గురించి మొన్న మెస్‌లో చెప్పావు గుర్తుందా? వాన బాగా పడితే నాన్నగారు హుషారుగా ఉంటారు, బాబాయి ఫోన్ ఎత్తడు అన్నావు. వాన పడకపోతే సీన్ రివర్స్. అప్పుడు నవ్వి ఊరుకున్నాను కానీ, ఈ యూనిట్ మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

అంకెలు నేనే వేస్తున్నా, మీ ఇంటి లెక్కలు అడగడం లేదు. వాన బాగా పడిన ఏడు పొలానికి లక్షా ఎనభై వేలు మిగిలాయనుకో, ట్యాంకర్‌కి ముప్ఫై వేలే. మామూలు ఏడు ఇద్దరికీ చెరి తొంభై వేలు. కరువు ఏడు పొలానికి సున్నా, ట్యాంకర్‌కి లక్షన్నర. ఈ మూడు రకాల ఏళ్లూ సమానంగా వస్తాయనుకుంటే, ఏ పనిలో అయినా సగటున వచ్చేది తొంభై వేలే. కానీ పొలం మీదే బతికే ఇంట్లో ఒక ఏడు పండగ, ఒక ఏడు అప్పు. ట్యాంకర్ ఇంట్లో ఊపు కొంచెం తక్కువే గానీ, అక్కడా నిశ్చింత లేదు.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ రెండు ఆదాయాలూ కలిపి చెరి సగం పంచుకున్నారనుకో. వాన ఏడు ఒక్కొక్కరికి లక్షా ఐదు వేలు. మామూలు ఏడు తొంభై వేలు. కరువు ఏడు డెబ్భై ఐదు వేలు. ఎవరి సగటూ తగ్గలేదు, అదే తొంభై. కానీ మంచి ఏడుకీ చెడ్డ ఏడుకీ తేడా పొలానికి లక్షా ఎనభై వేలు ఉండేది, ట్యాంకర్‌కి లక్షా ఇరవై వేలు ఉండేది, కలిపితే ముప్ఫై వేలకి దిగింది. రెంటికీ మధ్యలో కాదు, రెండింటి కంటే కిందికి. నీ పెన్సిల్ ప్రశ్నకి జవాబు ఇదే.

ఏం జరిగిందో ఒక్క ఏడు తీసి దగ్గరగా చూడు. వాన ఏడు పొలం తన సగటు కంటే తొంభై వేలు పైన ఉంది, ట్యాంకర్ తన సగటు కంటే అరవై వేలు కింద ఉంది. కలిపితే అరవైకి అరవై కొట్టుకుపోయి ముప్ఫై మిగిలింది, అందులో సగం పదిహేను. కరువు ఏడూ అంతే, గుర్తులు మారాయి, అంతే. మనం రిస్క్ అంటున్నది స్టాండర్డ్ డీవియేషన్‌నే, అది కొలిచేది సగటు నుంచి దూరాన్ని. నువ్వు 20నీ 15నీ సగటు చేసినప్పుడు ఆ దూరాలు ఎటువైపు ఉన్నాయో చూడకుండా పొడవు మాత్రమే కలిపావు. ఒకటి తూర్పుకి, ఇంకొకటి పడమరకి లాగుతున్నా సరే, రెండూ ఒకే దిక్కుకి లాగుతున్నట్టు లెక్క కట్టావు. రెండూ ఎంతవరకు ఒకేవైపు కదులుతాయో −1 నుంచి +1 దాకా చెప్పే అంకె కోరిలేషన్. అంటే నీకు తెలియకుండానే దాన్ని +1 అని పెట్టేశావు. 17.5 సరైన జవాబు అయ్యేది ఆ ఒక్క కేసులోనే.

ఇప్పుడు ఫార్ములా చూడు, ఇక భయపెట్టదు. w అంటే వెయిట్, ఒక్కోదానిలో పెట్టిన వంతు; σ అంటే రిస్క్, σp మొత్తం పోర్ట్‌ఫోలియోది; ρ అంటే కోరిలేషన్:

```
σp² = w1²σ1² + w2²σ2² + 2·w1·w2·ρ·σ1·σ2
```

మొదటి రెండు ముక్కలూ ఎప్పుడూ పాజిటివ్, వాటితో మనం చేయగలిగేది పెద్దగా లేదు. ఆట అంతా మూడో ముక్కలో ఉంది. ప్రశ్నలో కోరిలేషన్ −0.4 అని ఇచ్చారు, నువ్వు దాన్ని వాడనే లేదు. (ప్రశ్నలో ఇచ్చిన అంకె జవాబులో ఎక్కడా రాలేదంటే ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోవాలి, ఇది ఏ పరీక్షకైనా పనికొచ్చే చిట్కా.) వేసి చూస్తే 100 + 56.25 − 60 = 96.25. వర్గమూలం తీస్తే 9.81 శాతం.

ఇక్కడ కాసేపు ఆగు. బంగారం ఒక్కటే పెట్టుకుంటే 8 శాతం రిటర్న్, 15 శాతం రిస్క్. అందులో సగం తీసి దానికంటే "ప్రమాదకరమైన" షేర్లలో పెడితే 10 శాతం రిటర్న్, 9.81 శాతం రిస్క్. ఎక్కువ ఊగేదాన్ని కలిపాక మొత్తం ఊగడం తగ్గింది, రాబడి పెరిగింది. నేను ఎంబీయే మొదటి ఏడాదిలో ఇది చూసి ప్రింటింగ్ తప్పు అనుకున్నాను, నిజంగా. హ్యారీ మార్కోవిట్జ్ 1952లో రాసిన పేపర్‌లో ఉన్న అసలు సంగతి ఇదే. ఒక ఆస్తి విడిగా ఎంత ఊగుతుందన్నది చాలదు, నీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటితో కలిసి ఎలా ఊగుతుందో చూడాలి. దాదాపు నలభై ఏళ్లకి, 1990లో, మెర్టన్ మిల్లర్, విలియం షార్ప్‌లతో పాటు ఆయనకి నోబెల్ ఇచ్చారు.

చెరి సగమే ఎందుకు అని అడుగుతావేమో. అవసరం లేదు. రిస్క్ అన్నిటికంటే తక్కువ అయ్యేది షేర్లు 40, బంగారం 60 దగ్గర, అప్పుడు 9.35 వస్తుంది. సగం సగంతో పోలిస్తే పెద్ద తేడా కాదు, అందుకే వెయిట్ల దగ్గర దశాంశాల కోసం రాత్రంతా కూర్చోకు.

ఇంకో సంగతి. రిస్క్ తగ్గాలంటే కోరిలేషన్ నెగటివ్‌గానే ఉండాలని రూలేమీ లేదు. సున్నా ఉన్నా చెరి సగానికి 12.5 వస్తుంది, అది 15 కంటే తక్కువే. ఈ రెండింటికీ కోరిలేషన్ 15/20, అంటే 0.75 కంటే తక్కువ ఉన్నంతవరకు, బంగారం ఒక్కదానికంటే తక్కువ రిస్క్ ఉన్న మిశ్రమం ఏదో ఒకటి దొరుకుతుంది. కాకపోతే 0.6 లాంటి చోట షేర్లు 17 శాతం దగ్గర ఉంచితే రిస్క్ 15 నుంచి 14.7కి దిగుతుంది, ఆ మాత్రానికి శ్రమ దండగ. నెగటివ్ వైపు వెళ్లేకొద్దీ లాభం బాగా పెరుగుతుంది. సరిగ్గా −1 అయితే షేర్లు ఏడింట మూడు వంతులు, బంగారం నాలుగు వంతులు పెట్టి రిస్క్‌ని సున్నా చేసేయొచ్చు. కాగితం మీద.

బయట అలా ఉండదు. మళ్లీ మీ బాబాయి దగ్గరికే వద్దాం. 2024 వేసవిలో ఇక్కడ నీళ్లకి ఎంత కటకటగా ఉండేదో నీకు గుర్తుండే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున ఆరింటికి ట్యాంకర్ హారన్ వినపడితే చాలు, జనం బకెట్లతో మెట్లు దిగేవాళ్లు. పై లెక్క ప్రకారం ట్యాంకర్ బాగా సంపాదించాల్సిన ఏడు అది. కానీ మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్ రేట్లకి సీలింగ్ పెట్టింది. జనం వైపు నుంచి అది న్యాయమే, నేనూ హమ్మయ్య అనుకున్నాను. కానీ పొలాన్ని కాపాడాల్సిన ఆదాయానికి, సరిగ్గా అవసరమైన ఏడే పైకప్పు పడింది. దానికి తోడు డీజిల్ రేటు పెరిగితే ట్రాక్టర్‌కీ దెబ్బే, ట్యాంకర్‌కీ దెబ్బే. అలాంటి దెబ్బ రెండింటినీ ఒకేవైపు లాగుతుంది, ఎన్ని కలిపినా పోదు. అందుకే నిజంలో −1 దాదాపు కనిపించదు, −0.4 దొరికినా అదృష్టమే.

మార్కెట్లలోనూ ఇదే కథ. 2008లో సెన్సెక్స్ సగానికి పైగా పడిపోయింది, ఆ ఏడు మన రూపాయల్లో బంగారం పెరిగింది, రెండూ పెట్టుకున్నవాళ్లకి కాస్త నిద్ర పట్టింది. అమెరికాలో స్టాక్స్ పడితే బాండ్లు కాపాడతాయని చాలా ఏళ్లు నమ్మారు. 2022లో ధరల పెరుగుదలని ఆపడానికి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేట్లు వరసగా పెంచింది, స్టాక్స్, బాండ్లు రెండూ ఒకేసారి పడ్డాయి. నిన్నటి కోరిలేషన్ రేపటికి గ్యారంటీ కాదు. అందుకే "ఈ రెంటికీ కోరిలేషన్ ఎంత" అని అడిగినప్పుడల్లా "ఎందుకు" అని కూడా అడుగుతాను, అది విసిగించడానికి కాదు. పొలానికీ ట్యాంకర్‌కీ మధ్య కారణం వాన. కారణం తెలిస్తేనే అది ఎప్పుడు తెగిపోతుందో ఊహించగలవు.

నెగటివ్ కోరిలేషన్ ఉంటే చాలు అని కూడా అనుకోకు. నిఫ్టీ ఫండ్ కొని, అంతే మొత్తానికి నిఫ్టీ ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇప్పుడే ధర కట్టే ఒప్పందాలు, అమ్మితే కోరిలేషన్ దాదాపు −1, రిస్క్ దాదాపు సున్నా. కానీ చివరికి చేతికి వచ్చేది సుమారుగా ఎఫ్‌డీ వడ్డీ అంత. ఆ కాస్తకి ఎఫ్‌డీయే నయం. మన ఉదాహరణ ఎందుకు తియ్యగా ఉందంటే, అక్కడ రెండూ విడివిడిగా డబ్బు సంపాదించేవే.

ఇక నీ అసైన్‌మెంట్. నిఫ్టీకీ బంగారానికీ కోరిలేషన్ 0.9 వచ్చిందని రాశావు, అది చూసి నాకు డౌట్ వచ్చి నీ ఎక్సెల్ ఫైల్ తెరిచాను. నెల చివరి ధరలని నేరుగా ఇచ్చేశావు. ఐదేళ్లలో రెండూ పెరిగాయి కాబట్టి రెండు గీతలూ పైకే పోతాయి, కోరిలేషన్ ఎక్కువే వస్తుంది, దానికి అర్థమేమీ లేదు. ముందు పక్క కాలమ్‌లలో నెలనెలా రిటర్న్‌లు తీయి:

```
=B3/B2-1
```

బంగారానికీ అలాగే చేసి, ఆ రిటర్న్‌ల కాలమ్‌ల మీద వెయ్యి:

```
=CORREL(D3:D62,E3:E62)
```

ఎంత వస్తుందో నేను చెప్పను. దాన్ని ఫార్ములాలో పెట్టి, షేర్ల వెయిట్ 0 నుంచి 100 దాకా పది పది చొప్పున మారుస్తూ రిస్క్, రిటర్న్ లెక్కకట్టి, అడ్డంగా రిస్క్, నిలువుగా రిటర్న్ పెట్టి గ్రాఫ్ గీయి. గీత ఎడమవైపు వంగి రెండు చివర్ల కంటే లోపలికి వస్తే, ఎక్కడ వంగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టు. గురువారం ట్యుటోరియల్‌కి ఆ కాగితం తీసుకురా, నాలుగింట్లో రెండు మార్కులు వెనక్కి ఇచ్చే అధికారం నాకుంది.

మీ బాబాయికి 2024లో సీలింగ్ పెట్టాక నెలకి ఎన్ని ట్రిప్పులు తగ్గాయో, అసలు తగ్గాయో లేదో, వీలైతే కనుక్కో. వచ్చే సెమిస్టర్ క్విజ్‌కి ప్రశ్న చేద్దామని ఉంది, పేర్లు మార్చి.

సుజాత అక్క
టీఏ, సెక్షన్ బి