సుభద్ర టీచరుగారికి పోచంపల్లి నేత కుటుంబాల కృతజ్ఞతలు

భూదాన్ పోచంపల్లి,
11 ఆగస్టు 2025

గౌరవనీయులైన సుభద్ర టీచరుగారికి,

నమస్కారం. చేనేత దినోత్సవానికి వచ్చిన అతిథులంతా క్షేమంగా ఇళ్లకు చేరామని ఫోన్లు చేశారు. ఒడిశా నుంచి వచ్చిన బర్గఢ్ నేతవాళ్లూ, గుజరాత్ నుంచి వచ్చిన పాటన్ నేతవాళ్లూ మీ క్షేమం అడిగిన తర్వాతే మా క్షేమం అడిగారు. ఆ రోజు మా అందరికీ దుబాసీగా నిలిచిన మీకు హడావిడిలో శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పి పంపించేశాం. చెప్పవలసింది చాలా మిగిలిపోయింది. అందుకే కమిటీ తరఫున, మా ఇళ్లలో మగ్గం మీదా ఆసు దగ్గరా కూర్చునే అందరి తరఫునా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊరికి అతిథులు రావడం కొత్త కాదు. 1951లో వినోబా భావే వచ్చి వెళ్లినప్పటి నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లకు మగ్గాలు చూపిస్తాం, భోజనం పెడతాం, ఫోటోలు దిగుతాం. మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ ఒకటే తంతు. సరుకు తీసుకుని హైదరాబాదు తిరిగే మగవాళ్లకు హిందీ వస్తుంది కాబట్టి వాళ్లు మాట్లాడతారు, వాళ్లే వింటారు. ఇంట్లో ఆసు పోసే, కండెలు చుట్టే, చిటికి కట్టే ఆడవాళ్లలో చాలామందికి హిందీ అంతగా రాదు. "ఆయన ఏమన్నాడు?" అని వాళ్లు అడిగితే, "మన పని బాగుందన్నాడు" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అరగంట ప్రసంగానికి మా ఇంటి ఆడవాళ్లకు దక్కేది ఆ ఒక్క ముక్కే. మొన్న ఏడో తారీఖున మా ఊళ్లో ఆ తంతు సాగలేదు. మీరు సాగనివ్వలేదు.

మీరు ఒకరోజు ముందే వస్తానన్నప్పుడు, ప్రయాణం అలసట తీర్చుకోవడానికేమో అనుకున్నాం. మీరేమో బ్యాగు పెట్టి, మంచినీళ్లు తాగి, నేరుగా గుంట మగ్గం దగ్గరికి నడిచారు. పడుగు ఏది, పేక ఏది, అచ్చు ఎక్కడుంటుంది, నాడె ఎటు నుంచి ఎటు పోతుంది అని ప్రతిదీ చేత్తో ముట్టుకుని చూశారు. నూలును సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచితే కట్టిన చోట రంగు ఎందుకు ఎక్కదో, ముడి విప్పిన తర్వాత అంచు ఎందుకు కాస్త పాకినట్టు కనిపిస్తుందో అడిగి తెలుసుకున్నారు. చీకటి పడేవరకు మీ నోటుపుస్తకం నిండుతూనే ఉంది. భాష వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. చెప్పబోయే పని ఏమిటో తెలుసుకున్న తర్వాతే నోరు విప్పాలనుకునేవాళ్లను నేను తక్కువగా చూశాను. మర్నాడు పాటన్ పెద్దాయన తమ పటోళా మగ్గం ఒక పక్కకు వాలి ఉంటుందని, దాని మీద ఇద్దరు కూర్చుని నేస్తారని, పడుగూ పేకా రెండింటికీ ముందే రంగు వేసి నేతలో ఆ రెంటి బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడతారని హిందీలో వివరించినప్పుడు, మీరు తెలుగులో చెప్పిన ప్రతి మాటా నేతగాడి మాటలాగే ఉంది. వెనక వరుసలో కూర్చున్న ముసలి నేతగాళ్లు కూడా తలాడించారు. వాళ్లు ఊరికే తలాడించే మనుషులు కారు.

ఆ తర్వాత జరిగింది మా ఊరు చాలా కాలం చెప్పుకుంటుంది. ఆ పెద్దాయన మా కట్టు చూసి, మొహమాటం లేకుండా మాట్లాడారు. రబ్బరుతో కడితే పని త్వరగా తెములుతుంది గానీ గీత శుభ్రంగా రాదని, మేము నూలు దారంతో కట్టే ఓపిక వదిలేసి తొందరకు అలవాటు పడ్డామని అన్నారు. హిందీ వచ్చినవాళ్ల ముఖాలు మాడిపోయాయి. వేదిక మీద నా పక్కనున్న ఒకాయన మీ వైపు వంగి, "అది వదిలేయండి టీచరుగారూ" అని మెల్లగా అన్నాడు. మీరు వదల్లేదు. ఆయన అన్నది అన్నట్టే, అదే గౌరవంతో, అదే పదునుతో తెలుగులో చెప్పారు. బర్గఢ్ వాళ్ల కోసం ఒడియాలోనూ చెప్పారు.

దాన్ని తీపి చేసి చెప్పి ఉంటే, యాదమ్మ లేచేది కాదు. ఆమె ఇన్నేళ్లలో ఒక్క సభలోనూ నోరెత్తి ఎరగదు. ఆ రోజు లేచి నిలబడి, "అయ్యా, మీ చీర ఒక్కటి తయారవడానికి నెలలు పడుతుందని విన్నాం. అన్ని నెలలు ఆగి, లక్షలు పోసి కొనేవాళ్లు మీకున్నారు. మా చీర కొనేది ఉద్యోగానికి పోయే ఆడపిల్ల. ఆమె జీతంలో ఇమిడేట్టు మేము నేయాలి. మాకు పడుగు లెక్కన కూలి. మాకు ఓపిక లేదనకండి" అంది. మీరు దాన్ని హిందీలో చెబుతుంటే మీ గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. యాదమ్మ గొంతులో ఎంత ఉందో అంతే ఉంది. పాటన్ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేదిక దిగి వచ్చి, ఆమె పక్కన చాప మీద కూర్చుని, రబ్బరు ముడి ఎలా వేస్తారో చూపించమని అడిగారు. ఆ తర్వాత గంటసేపు ఇద్దరి చేతులూ ఆడుతూనే ఉన్నాయి, మీరు వాళ్ల మధ్య కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తూనే ఉన్నారు. భోజనం చల్లారిపోయిందని మా పిల్లలు వచ్చి పిలిచినా మీరు లేవలేదు.

బర్గఢ్ నుంచి వచ్చిన పెద్దమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆమెది సంబల్‌పురి మాట, మీది ఇచ్ఛాపురం వైపు ఒడియా. రెండింటికీ చాలా తేడా ఉందని మాకేం తెలుసు? మీకు తెలుసు కాబట్టే పొద్దున ఉప్మా తినేటప్పుడు ఆమె పక్కన చేరి, ఇంటి సంగతులు, మనవల సంగతులు అడుగుతూ ఆమె మాట తీరుకు చెవిని అలవాటు చేసుకున్నారు. సభలో ఆమె ఒక ప్రశ్న వేసినప్పుడు మీరు మైకులో, "ఇందులో ఒక మాట నాకు సరిగా అర్థం కాలేదు, అడిగి చెబుతాను" అని అందరి ముందూ అన్నారు. వాళ్లతో వచ్చిన కుర్రాడిని పిలిచి, ఇద్దరినీ అడిగి, తేల్చుకుని అప్పుడు చెప్పారు. ఊహించి చెప్పేస్తే మాలో ఎవరికీ తెలిసేది కాదు. నాకు మీ మీద ఎనలేని గౌరవం కలిగిన క్షణం అదే.

ఆమె అడిగింది భుజాల నొప్పి గురించి. రోజంతా నూలుతో పనిచేసే మీ ఆడవాళ్లు నొప్పికి ఏం చేస్తారని. సభలో సగం మంది ఆడవాళ్లు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి ఆసు పోయడం, తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేయడం, దానికి ఆమె పేరే పెట్టడం, 2017లో ఆయనకు పద్మశ్రీ రావడం అన్నీ కలగాపులగంగా చెప్పారు. మీరు చెయ్యెత్తి ఒక్కొక్కరినీ మాట్లాడించి, ఏదీ జారిపోకుండా ఆ పెద్దమ్మకు అందించారు. సాయంత్రం ఆమె యంత్రం దగ్గర నిలబడి, అది తిరుగుతుంటే చూసి, ఇలాంటిది తమ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చా అని అడిగింది. ఆ ప్రశ్నను మేము మల్లేశంగారి వైపు వాళ్లకు చేరవేస్తున్నాం. జవాబు రాగానే బర్గఢ్‌కు పంపుతాం.

అంకెలు వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద రాయించడం కూడా మీ ఆలోచనే. నూలు ధర, కూలి, చీర అమ్మకం ధర మూడు ఊళ్లవీ పక్కపక్కన కనిపించేసరికి, దుబాసీ అవసరం లేకుండానే జనం లెక్కలు వేసుకున్నారు. అచ్చు వేసిన నకిలీ ఇక్కత్ గుడ్డ మూడు ఊళ్లనూ ఒకేలా కొడుతోందని ఆ బల్ల చూసే తేలింది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం గురించి వేదిక మీది పెద్దలు ఆగకుండా చదువుకుంటూ పోతుంటే, "రెండు వాక్యాలు చెప్పి ఆగండి, వీళ్లందరికీ తెలియాలి" అని మీరు అన్నారు. ఆ మాట అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

టీచరుగారూ, మీరు డబ్బు వద్దన్నారు. ఆ మాట మన్నించలేం. సౌండు సిస్టమ్‌కు ఇస్తాం, షామియానాకు ఇస్తాం, వంటవాళ్లకు ఇస్తాం. పొద్దున్నుంచి రాత్రి వరకు మూడు భాషల్లో గొంతు అరిగేలా పనిచేసిన మనిషికి శాలువాతో సరిపెట్టడం న్యాయం కాదు. ఇక మీదట బయటివాళ్లను పిలిచే ప్రతి సభకూ దుబాసీ పారితోషికం, ఒకరోజు ముందు బస ఖర్చు మొదటి పద్దులోనే రాయాలని కమిటీ తీర్మానించింది. ఆ లెక్కన మీకు రావలసింది మీ అబ్బాయి ఖాతాకు పంపాం. దయచేసి తిప్పి పంపకండి. మళ్లీ మరొకరిని పిలిచినప్పుడు వాళ్లు కూడా వద్దనవలసి వస్తుంది.

దీనితో పాటు ఒక చీర పంపుతున్నాం. కట్టింది యాదమ్మ, నేసింది ఆమె కొడుకు. మీకు ముదురు రంగులు నచ్చవని ఆ రోజు మగ్గం దగ్గర అన్నారట. అది గుర్తుపెట్టుకుని ఆమే రంగు ఎంచింది.

రెండు మనవులు. మీ నోటుపుస్తకంలో మూడు భాషల్లో రాసుకున్న మగ్గం మాటల పట్టికను మా కుర్రాళ్లు నకలు తీసుకోవడానికి అనుమతి ఇవ్వండి. హిందీ బాగా వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు ఈ పని నేర్చుకుంటామంటున్నారు. వీలైతే ఒక ఆదివారం వాళ్లను మీ దగ్గరికి పంపుతాం. ఇక చలికాలంలో బర్గఢ్ వాళ్లు మమ్మల్ని రమ్మంటున్నారు. ఈసారి ఎనిమిది మంది వెళ్తే అందులో ఐదుగురు ఆడవాళ్లే ఉండాలని అనుకున్నాం, మీరు వస్తేనే వస్తామని ఆ ఆడవాళ్లు పట్టుబట్టారు. రైలు టిక్కెట్లు తీయడానికి ముందు మీకు వీలయ్యే తేదీలు తెలపండి.

ఇట్లు,
మీ విధేయుడు,
నరసింహ
చేనేత దినోత్సవ కమిటీ తరఫున