పాఠ్య ప్రణాళిక: బల్బులతో సిరీస్, ప్యారలల్ సర్క్యూట్లు

తరగతి: డిప్లొమా మొదటి సంవత్సరం, ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్, ఎ, బి సెక్షన్లు
సబ్జెక్టు: బేసిక్ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్
సమయం: వరుసగా రెండు పీరియడ్లు, 50 నిమిషాల చొప్పున (10.40 నుంచి 12.20)
స్థలం: బేసిక్ ఎలక్ట్రికల్ ల్యాబ్. మామూలు క్లాస్‌రూమ్‌లో వద్దు, అక్కడి ప్లగ్గుకి ఆర్‌సీసీబీ లేదు.

బి సెక్షన్ తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కి కూడా ఇదే ప్లాన్. అందుకే నాకు అలవాటైన విషయాలు కూడా విడమరిచి రాశాను.

క్లాసు తర్వాత విద్యార్థికి రావలసినవి

సిరీస్‌లో కరెంటు అంతటా ఒకటే అని, ప్యారలల్‌లో వోల్టేజ్ అన్నిటికీ ఒకటే అని మీటరు చూసి చెప్పగలగాలి. బల్బు మీద రాసిన వాట్లు, వోల్టుల నుంచి రెసిస్టెన్స్ కట్టగలగాలి. 60, 100 వాట్ల బల్బుల్ని సిరీస్‌లో పెడితే ఏది ఎక్కువ వెలుగుతుందో కారణంతో సహా చెప్పగలగాలి. ఈ మూడోదే అసలైన పరీక్ష. మొదటి రెండూ బట్టీ పట్టి కూడా చెప్పేస్తారు.

ఓమ్ సూత్రం, పవర్ ఫార్ములా పోయిన వారం అయ్యాయి. సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు కాబట్టి పాఠం తెలుగులో చెప్పాలి. కరెంటు, వోల్టేజ్, రెసిస్టెన్స్, సిరీస్, ప్యారలల్ అన్న మాటలు మాత్రం మార్చవద్దు. రేపు వర్క్‌షాపులోనూ, పరీక్షలోనూ వాళ్లకి కనిపించేవి అవే.

ముందురోజు సిద్ధం చేసుకోవలసినవి

ప్లైవుడ్ ల్యాంప్ బోర్డు (మూడు బ్యాటెన్ హోల్డర్లు, మూడు వన్‌వే స్విచ్‌లు), 2 ఆంపియర్ల ఫ్యూజు, 0–1 ఆంపియర్ ఏసీ అమ్మీటరు, 0–300 వోల్టుల ఏసీ వోల్ట్‌మీటరు, మల్టీమీటరు, టెస్టరు, ఇన్సులేషన్ బాగున్న వైర్లు. బల్బులు: 60 వాట్లవి మూడు, 100 వాట్లవి రెండు.

బల్బులు తప్పనిసరిగా ఫిలమెంట్ రకమే కావాలి. ఎల్‌ఈడీ బల్బులు తెస్తే పాఠం పాడవుతుంది. వాటి లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, అది రెసిస్టరులా నడుచుకోదు. రెండు ఎల్‌ఈడీలు సిరీస్‌లో పెడితే మినుకుమినుకుమంటాయి, లేదా అసలు వెలగవు, దాన్నుంచి ఏ నియమమూ తేలదు. ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు అన్ని షాపుల్లో దొరకవు, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడగాలి. ఒకటి రెండు ఎక్కువే తెచ్చుకోండి.

స్విచ్, ఫ్యూజు రెండూ ఫేజ్ వైపే ఉన్నాయో లేదో టెస్టరుతో చూసుకోవాలి. కనెక్షన్ మార్చే ప్రతిసారీ ప్లగ్గు తీసి, అందరికీ కనిపించేలా టేబుల్ మీద పెట్టాలి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు.

మొదటి పీరియడ్

10 నిమిషాలు: ముందు ఊహ, తర్వాతే స్విచ్

బోర్డు మీద మూడు బొమ్మలు గీయాలి: రెండు 60 వాట్ల బల్బులు సిరీస్‌లో, 60–100 సిరీస్‌లో, 60–100 ప్యారలల్‌లో. ఒక్కో బొమ్మ కింద ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో ప్రతి ఒక్కరూ నోట్సులో రాయాలి.

"పక్కవాడి నోట్సు చూడొద్దు. తప్పయినా పర్వాలేదు, మార్కులు లేవు. కానీ రాసింది కొట్టేయొద్దు, పెన్నుతోనే రాయండి."

చేతులెత్తించి లెక్క బోర్డు మూలన వేయాలి. రెండో బొమ్మకి దాదాపు అందరూ 100 అంటారు. అలాగే ఉంచండి. ఇప్పుడే సరిదిద్దితే మిగతా గంటన్నరకీ పని లేకుండా పోతుంది.

15 నిమిషాలు: రెండు 60 వాట్ల బల్బులు సిరీస్‌లో

ముందు ఒక్క బల్బు వెలిగించి ఆ వెలుగు చూపించాలి. తర్వాత రెండో దాన్ని సిరీస్‌లో చేర్చాలి. రెండూ సమానంగా, బాగా మందంగా వెలుగుతాయి. ఒక్కోదాని మీద వోల్ట్‌మీటరు పెడితే సప్లైలో సగం చూపిస్తుంది: 230 ఉంటే 115. సప్లై ప్రతిరోజూ సరిగ్గా 230 ఉండదు, కాబట్టి మొదట దాన్ని కొలిచి బోర్డు మీద రాయండి.

"ముందున్న బల్బు కరెంటు వాడేసుకుంటుంది కదా సార్, వెనకదానికి తక్కువ రావాలి కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మనమే అడగాలి. జవాబు నోటితో చెప్పొద్దు. అమ్మీటరుని మొదటి బల్బు ముందు, రెండింటి మధ్య, రెండో దాని తర్వాత మార్చి మార్చి పెట్టి, ప్రతిసారీ ఒక విద్యార్థిని పిలిచి రీడింగ్ చదివించాలి. మూడు చోట్లా ఒకటే. ఆ తర్వాత మాత్రం ఒక్క పోలిక చెప్పొచ్చు: సైకిల్ చైన్‌లో పెడల్ దగ్గర లింకు, వెనక చక్రం దగ్గర లింకు ఒకే వేగంతో కదులుతాయి; చక్రానికి చేరేది శక్తి, తరిగిపోయేది చైన్ కాదు. నీళ్ల పైపు పోలిక మాత్రం వాడకండి. పైపు తెగితే నీళ్లు బయటికి పోతాయి, వైరు తెగితే కరెంటు ఆగిపోతుంది. పిల్లలు ఆ తేడా దగ్గరే ఇరుక్కుంటారు.

10 నిమిషాలు: ఒక బల్బు తీసేస్తే

ప్లగ్గు తీసి, న్యూట్రల్ వైపు బల్బుని హోల్డరు నుంచి తీసి, మళ్లీ ప్లగ్గు పెట్టాలి. రెండోది కూడా వెలగదు. "ఇప్పుడు ఈ ఖాళీ హోల్డరులో ఎంత వోల్టేజ్ ఉంటుంది?" అని అడగండి. సున్నా అంటారు, కొందరు 115 అంటారు. వోల్ట్‌మీటరు ప్రోబులు లెక్చరరే పట్టుకుని చూపించాలి: దాదాపు పూర్తి 230. కరెంటు లేనప్పుడు మిగిలిన బల్బు మీద వోల్టేజ్ పడదు, అంతా తెగిన చోటే ఉంటుంది.

ఇది ఫార్ములా కంటే ముఖ్యం. లైటు వెలగడం లేదు కాబట్టి షాక్ కొట్టదనుకుని చెయ్యి పెట్టేవాళ్లు ఇళ్లలో ఉన్నారు, కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లలోనూ ఉన్నారు. టెస్టరుని ఖాళీ హోల్డరులో ఫేజ్ వైపు పిన్నుకి ఆనించండి. వెలగని బల్బు గుండానే వచ్చినా టెస్టరు వెలుగుతుంది.

15 నిమిషాలు: 60, 100 సిరీస్‌లో

స్విచ్ వేసే ముందు లెక్క మళ్లీ చూపించాలి: 100 అన్నవాళ్లు ఎంతమంది, 60 అన్నవాళ్లు ఎంతమంది. వీలైతే 100 అని గట్టిగా వాదించినవాళ్లలో ఒకరితోనే స్విచ్ వేయించాలి. 60 బాగానే వెలుగుతుంది. 100 వాట్ల బల్బులో ఫిలమెంట్ ఎర్రగా కనిపిస్తుంది, అంతే.

గోల అవుతుంది, కానివ్వండి. "హోల్డర్లు మార్చండి సార్" అంటారు. మార్చండి. అయినా 60 వాట్లదే ఎక్కువ. "బల్బు పాడైందేమో" అంటారు. దాని కోసమే రెండో 100 వాట్ల బల్బు తెచ్చింది. అన్నీ అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న: "రెండింట్లోనూ కరెంటు ఒకటే అని ఇందాక మీరే చదివారు. మరి వెలుగులో తేడా దేనివల్ల?" జవాబు చెప్పకుండా పీరియడ్ ముగించాలి. మధ్యలో బెల్లు మోగడం ఇక్కడ మనకి మేలే చేస్తుంది.

రెండో పీరియడ్

20 నిమిషాలు: లెక్క

బల్బు మీద రాసిన 230 V, 60 W అంటే 230 వోల్టులు ఇస్తే 60 వాట్లు తీసుకుంటుందని. తక్కువ వోల్టులు ఇస్తే ఆ 60 చెల్లదు. ఈ మాట రెండుసార్లు చెప్పి, ఒకరిచేత తిరిగి చెప్పించాలి.

R = V²/P
60 W: 52900/60 = 882 Ω
100 W: 52900/100 = 529 Ω

ఎక్కువ వాట్ల బల్బుకి తక్కువ రెసిస్టెన్స్. సిరీస్‌లో మొత్తం 1411 Ω, కరెంటు 230/1411 = 0.163 A. వోల్టేజ్ 60 మీద 143.8 V, 100 మీద 86.2 V. పవర్ P = I²R: 60 వాట్ల బల్బుకి 23.4 W, 100 వాట్ల దానికి 14.1 W. కరెంటు ఒకటే కాబట్టి రెసిస్టెన్స్ ఎక్కువున్నదే ఎక్కువ పవర్ తీసుకుంటుంది. పొద్దున అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. దీన్ని వాళ్లలో ఒకరితో బోర్డు దగ్గర చెప్పించాలి.

ఇప్పుడు మీటరుతో కొలిస్తే అంకెలు కలవవు. 60 వాట్ల దాని మీద 160 దాటి, 100 వాట్ల దాని మీద 70 లోపు చూపిస్తుంది. కరెంటు కూడా లెక్కకన్నా ఎక్కువే వస్తుంది. మీటరు తప్పు అని దాటేయకండి. బల్బు తీసి, చల్లారాక మల్టీమీటరుతో రెసిస్టెన్స్ చూపించాలి: 882 బదులు 60–70 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. సిరీస్‌లో రెండూ పూర్తిగా వేడెక్కవు, 100 వాట్లది మరీ చల్లగా ఉంటుంది, అందుకే దాని వాటా ఇంకా తగ్గుతుంది. పరీక్షలో మాత్రం రెసిస్టెన్స్ మారదనుకునే చేస్తామని స్పష్టంగా చెప్పాలి. ఫిలమెంట్ బల్బు తరచుగా స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు కాలిపోతుందో కూడా దీంతోనే తెలుస్తుంది.

15 నిమిషాలు: ప్యారలల్

అవే రెండు బల్బులు. 100 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది, రెండింటి మీదా 230. ఒకటి తీసినా రెండోది మామూలుగానే ఉంటుంది. అమ్మీటరు మెయిన్ లైన్లో పెట్టి ఒక్కో స్విచ్ వేయాలి: 60 వాట్లది 0.26 A, 100 వాట్లది కలిస్తే 0.70 A.

తడబడేది మొత్తం రెసిస్టెన్స్ దగ్గర. 230/0.6957 = 331 Ω, రెండింట్లో చిన్నదైన 529 కంటే కూడా తక్కువ. "బల్బు చేరిస్తే రెసిస్టెన్స్ తగ్గడమేంటి సార్?" అంటారు. ఫార్ములా రాయకుండా అమ్మీటరు వైపు చూపించాలి. సప్లై మారలేదు, కరెంటు పెరిగింది, అంటే రెసిస్టెన్స్ తగ్గినట్టే. 1/R = 1/R₁ + 1/R₂ ఆ తర్వాత రాస్తే చాలు.

15 నిమిషాలు: ఏది ఎక్కడ

ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ప్లగ్గులు ప్యారలల్‌లో. స్విచ్, ఫ్యూజు, ఎంసీబీ తాము కాపాడే లైనుకి సిరీస్‌లో. వినాయక చవితి పందిళ్లకి కట్టే పాత సీరియల్ సెట్లు సిరీస్‌కి మంచి ఉదాహరణ, పిల్లలు వాటిని విప్పి చూసినవాళ్లే. మోటార్ వైండింగ్ షాపుల్లో వాడే సిరీస్ ల్యాంప్ గురించి తప్పక చెప్పండి: రిపేరుకొచ్చిన వస్తువుతో 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెడతారు. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, వైరు తెగి ఉంటే వెలగదు. షార్ట్ ఉన్నా కరెంటు 0.43 ఆంపియర్లు దాటదు కాబట్టి ఫ్యూజు పోదు. క్లాసులో ఒకరిద్దరి ఇళ్లలో ఇలాంటి షాపు ఉంటుంది. వాళ్లని మాట్లాడనివ్వండి, మన కంటే బాగా చెబుతారు.

ఇంటి పని

1. 40 W, 100 W (రెండూ 230 V) సిరీస్‌లో: కరెంటు, ఒక్కోదాని వోల్టేజ్, పవర్.
2. 6 V బల్బులతో 230 V సీరియల్ సెట్ కట్టాలంటే కనీసం ఎన్ని కావాలి? ఒకటి కాలిపోతే దాన్ని వదిలేసి వైర్లు కలిపేస్తే మిగతావాటికి ఏమవుతుంది?
3. ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్స్ ప్లగ్గులు సిరీసా, ప్యారలలా? విప్పకుండా ఎలా తెలుసుకుంటారు?

జవాబులు దిద్దేవాళ్లకి: మొదటిది 0.124 A, 164.3 V, 65.7 V, 20.4 W, 8.2 W. రెండోదానికి 39. లెక్కలో 38.3 వస్తుంది, 38 అని రాసినవాళ్లని ఒక్కో బల్బు మీద 6 వోల్టులు దాటుతుందా అని అడగండి. వైర్లు కలిపేస్తే మిగతావాటి మీద వోల్టేజ్ కొంచెం పెరుగుతుంది, అలా చేసుకుంటూ పోతే ఒకదాని వెనక ఒకటి త్వరగా కాలిపోతాయి. మూడోదానికి ఒక ప్లగ్గులోది తీసినా రెండోది నడుస్తోందని, రెండూ ఒకేసారి పూర్తి జోరుతో పనిచేస్తున్నాయని రాస్తే చాలు.