టైలర్ షాపు రివ్యూ, అప్‌డేట్: ఐదు నక్షత్రాలు మూడయ్యాయి

ఈ షాపుకి 2014లో ఐదు నక్షత్రాలిచ్చాను. "కాలర్ అంటే ఎలా ఉండాలో తెలియాలంటే ఇక్కడ ఒక్క షర్టు కుట్టించుకోండి" అని కూడా రాశాను. అప్పటికి అందులో అక్షరం అబద్ధం లేదు. ఆ రివ్యూ చదివి వెళ్ళామని ఈమధ్య కూడా కొందరు చెప్పారు. చెప్పిన తీరు మాత్రం మెచ్చుకున్నట్టు లేదు. అందుకే దాన్ని తీసేసి ఇది పెడుతున్నాను. ఇప్పుడు మూడు నక్షత్రాలు. ఆ మూడూ కొలతలకీ, కత్తిరింపుకీ, ప్యాంట్లకీ. మిగతా రెండూ షర్టుల దగ్గర పోయాయి.

మాస్టర్ గారి కత్తెరకి ఇప్పటికీ తిరుగులేదు. నా కుడి భుజం ఎడమదానికన్నా కాస్త వాలుగా ఉంటుంది. ఆ సంగతి ఆయన చెప్పేదాకా నాకే తెలియదు. మొదటిసారి టేపు వేసినప్పుడే పట్టేసి, కొలతల పుస్తకంలో నా పేరు పక్కన చిన్న ఏటవాలు గీత ఒకటి పెట్టుకున్నారు. రెడీమేడ్ షర్టు ఏది వేసుకున్నా ఆ భుజం మీద మెడ నుంచి చంక వైపు ఒక ముడత దిగుతుంది. ఆయన కత్తిరించిన దానికి దిగదు. ఈ ఏడాది కుట్టించిన వాటికీ దిగలేదు. కాబట్టి "మాస్టర్ గారి పని అయిపోయింది, పెద్దాయన అయిపోయారు" అని ఎవరైనా అంటే నమ్మకండి. చెడింది ఆయన చెయ్యి కాదు, ఆ చేతిని దాటాక జరిగే పని.

ఇదివరకు షాపు వెనక గదిలో వరసగా మిషన్లుండేవి. కత్తిరించిన ముక్కలు అక్కడే కుట్టేవారు, ఆయన లేచి వెళ్ళి భుజాల మీంచి చూస్తుండేవారు. ఏదైనా వంకర పోతే అక్కడే విప్పించేవారు, కస్టమర్ ముందైనా సరే. ఇప్పుడు ఆ గదిలో స్కూలు యూనిఫాం కట్టలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మిషను ఒక్కటే మిగిలింది, అదీ ఆల్టరేషన్లకి. షర్టు ముక్కలు మూటకట్టి బయటికి పంపుతున్నారు. అక్కడ కుట్టేవాళ్ళకి షర్టుకింత అని లెక్క. ఈ మాట కౌంటర్ దగ్గరి కుర్రాడే చెప్పాడు, దాపరికమేం లేదు. పీసు లెక్కన పనిచేసేవాళ్ళు వేగంగా కుట్టకపోతే వాళ్ళకి గిట్టదు, వాళ్ళని అనడానికేం లేదు. తిరిగొచ్చిన షర్టుని ఎవరో ఒకరు విప్పి చూడాలి కదా. ఆ చూసే మనిషే ఇప్పుడు లేడు.

కాలర్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు ఈ షాపుకి పేరు తెచ్చింది అదే. కాలర్ నిలబడడానికి లోపల బకరం వేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల వేసేది జిగురు బకరం. ఒకవైపు జిగురు ఉంటుంది, వేడికి కరిగి బట్టకి పట్టుకుంటుంది. అందులో తప్పేం లేదు, మంచి కంపెనీల షర్టుల్లోనూ అదే. కాకపోతే దానికి చాలినంత వేడి, గట్టి ఒత్తుడు, కొన్ని సెకన్ల ఓపిక మూడూ కావాలి. ఇస్త్రీపెట్టె అలా పైపైన జార్చేస్తే కొన్నిచోట్ల అతుక్కుని కొన్నిచోట్ల అతుక్కోదు. షాపులో చూసినప్పుడు కాలర్ అద్దంలా ఉంటుంది. ఉతకగానే అతుక్కోని చోటల్లా బట్ట పైకి లేచి బుడగలు కడుతుంది. నాకు జరిగింది అక్షరాలా ఇదే. లేత నీలం షర్టు, మొదటి ఉతుకు, ఎడమ కాలర్ మొన దగ్గర గోరంత బుడగ. వేలితో నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. రెండో ఉతుక్కి కుడివైపు కూడా మొదలైంది.

తీసుకెళ్ళి చూపిస్తే కుర్రాడు, "ఉతగ్గా ఉతగ్గా సర్దుకుంటుంది సార్" అన్నాడు. సర్దుకోదు. వదిలేసిన జిగురు ఉతికితే మళ్ళీ అంటుకోదు, పెరుగుతుంది. మాస్టర్ గారు లోపల్నుంచి వచ్చేదాకా నిలబడ్డాను. ఆయన కాలర్ని వెలుతురుకి పట్టి చూసి, "ఇది మన పనిలా లేదు బాబూ, వదిలి వెళ్ళు" అన్నారు. మిగిలిన ముక్కతో కొత్త కాలర్ వేసి ఇచ్చారు, ఒక్క పైసా అడగలేదు. ఆ కొత్త కాలర్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అంటే ఈ షాపులో మంచి కాలర్ వేయడం ఇప్పటికీ తెలుసు. ఫిర్యాదు చేసినవాడికే అది దొరుకుతోంది, నా కంప్లయింట్ అదీ.

కుట్టు కూడా పలచబడింది. పాత షర్టు ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన పరిచి పక్క కుట్టు మీద స్కేలు పెట్టి చూశాను. పాతదాంట్లో అంగుళానికి 12 కుట్లున్నాయి, కొత్తదాంట్లో 8. కుట్టు పొడుగైతే మిషను తొందరగా పరిగెడుతుంది, పని త్వరగా తెములుతుంది. వేసుకున్నవాడు చెయ్యి చాపితే ఆ కుట్ల మధ్య దారం పళ్ళికిలిస్తుంది. చంక కింద ఇప్పటికే కనిపిస్తోంది.

గళ్ళ బట్ట మాత్రం ఇక్కడ ఇవ్వకండి. ఇది కచ్చితంగా చెప్తున్నాను. గళ్ళ షర్టులో జేబు ఎక్కడుందో వెతుక్కోవాల్సినంత బాగా కలిపేవారు ఒకప్పుడు. జేబు మీది అడ్డగీత, ఛాతీ మీది అడ్డగీత ఒకటే అయిపోయేవి. ఇలా కలపాలంటే బట్ట కొంచెం ఎక్కువ పడుతుంది, ముక్క పెట్టి జరిపి చూసుకునే తీరిక కూడా ఉండాలి. పోయినసారి వచ్చిన షర్టుకి జేబు ఒక గడి కిందికి దిగింది. గుండీల పట్టీ దగ్గర కుడివైపు గీత ఎడమవైపు గీతని కలవనే లేదు. వేసుకుంటే గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నట్టుంది. ఆఫీసులో ఇద్దరు చెప్పారు కూడా, "గుండీ చూసుకో" అని. ముందే కత్తిరించేసిన బట్ట, ఇక చేయగలిగిందేం లేదు.

కాజాల దగ్గర దారం పోగులు వేలాడుతున్నాయి, ఇంటికొచ్చాక కత్తెర పట్టుకుని కూర్చోవాలి. చిన్న విషయమే.

నూలు బట్ట తీసుకెళ్తే, "తడిపారా?" అని అడగందే కత్తెర పెట్టేవారు కాదు ఇదివరకు. తడపలేదంటే వాళ్ళే తడిపి ఆరేసేవారు, లేదా తిప్పి పంపేవారు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. నూలు మొదటి ఉతుకుల్లో కుంచించుకుపోతుంది, అదీ ఎక్కువగా పొడవులో. 30 అంగుళాల షర్టు నూటికి మూడు వంతులు తగ్గినా దాదాపు అంగుళం పోయినట్టే. టక్ చేసుకునేవాళ్ళకి ఆ అంగుళమే ముఖ్యం. కాబట్టి వాళ్ళు అడక్కపోయినా ఇంట్లో ఒక రాత్రి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి.

ఇక ప్యాంట్లు. వాటిని ఎందుకో బయటికి పంపడం లేదు. నడుం పట్టీ దగ్గర, వెనక కుట్టు లోపల పాత పద్ధతిలోనే అంగుళానికి పైగా మార్జిన్ వదులుతున్నారు. ఒళ్ళు వస్తే విప్పి వదులు చేయించుకోవచ్చు. రెడీమేడ్ ప్యాంటులో ఈ వసతి సాధారణంగా ఉండదు, లోపల తిరగేసి చూస్తే తెలుస్తుంది. నాన్నగారి ప్యాంట్లన్నీ ఇప్పటికీ ఇక్కడే. ఆయనకి జేబులు లోతుగా కావాలి, రెడీమేడ్ వాటిలో కళ్ళజోడు పెట్టె పట్టదని గోల. మాస్టర్ గారు ఆయన కళ్ళజోడు పెట్టె అడిగి తీసుకుని మరీ కొలుచుకున్నారు. ఇలాంటివి చూసే నేను ఈ షాపుని పూర్తిగా వదల్లేకపోతున్నాను.

తేదీల సంగతి: చీటీ మీద రాసిన రోజుకి పని అవుతుందనుకోవద్దు. ముఖ్యంగా బడులు తెరిచే ముందు. యూనిఫాం ఆర్డర్ల కింద మన షర్టు ఎక్కడో అడుగున పడి ఉంటుంది. ఫోన్ చేస్తే "అయిపోయింది సార్, కాజాలే బాకీ" అంటారు. ఆ కాజాలు వారం పట్టొచ్చు. పెళ్ళికో, ఇంటర్వ్యూకో కావాలంటే పది రోజులు ముందు తేదీ చెప్పండి, అసలు తేదీ మాత్రం బయటపెట్టకండి.

రేట్లు పెరిగాయని కొందరు కింద కామెంట్లు పెట్టారు. పెరిగాయి, నిజమే. నాకు దాంతో పేచీ లేదు. మంచి కుట్టుకి కూలి ఎక్కువే ఉండాలి. పాత పనికి ఈ రేటు తీసుకుంటే సంతోషంగా ఇస్తాను. ఇప్పటి షర్టు పనికి పాత రేటు కూడా ఎక్కువే.

మరి ఒక నక్షత్రమో రెండో ఎందుకివ్వలేదని అడగొచ్చు. ఒకటి, తప్పు చూపిస్తే మాస్టర్ గారు వాదించరు, సరిచేస్తారు. రెండు, వంకర భుజానికీ, పెద్ద పొట్టకీ, పొడుగు చేతులకీ తగ్గట్టు కత్తిరించేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ నాకు కనిపించలేదు. రెడీమేడ్ సరిపోయే ఒళ్ళున్నవాళ్ళకి ఈ షాపుతో ఇప్పుడు పనిలేదు. సరిపోనివాళ్ళకి ఇంకా ఉంది.

మాస్టర్ గారికి ఇందులో ముప్పాతిక వంతు ముఖాముఖి చెప్పాను. "పనివాళ్ళు దొరకడం లేదు బాబూ, ఉన్నవాళ్ళు రెడీమేడ్ ఫ్యాక్టరీలకి పోయారు" అన్నారు. ఆ మాటని కాదనలేను. ఆర్డర్లు తగ్గించుకుని వచ్చిన ప్రతి షర్టూ ఆయనే ఒకసారి చూసి ఇస్తే చాలని చెప్పాను. చూద్దాం అన్నారు. ఆ మాటన్నాక ఇచ్చిన తెల్ల షర్టు ఇంకా చేతికి రాలేదు. వచ్చి, నాలుగు ఉతుకులయ్యాక కాలర్ నిలబడితే ఇంకో నక్షత్రం కలుపుతాను.

ఈలోగా వెళ్ళేవాళ్ళు మాస్టర్ గారు ఉన్న వేళకే వెళ్ళండి, కొలత ఆయన చేతే తీయించుకోండి. ప్యాంట్లు నిశ్చింతగా ఇవ్వండి. షర్టయితే సాదా బట్టే ఇవ్వండి, తడిపి ఇవ్వండి, మిగిలిన ముక్క అడిగి తెచ్చుకుని దాచుకోండి, కాలర్ మార్చాల్సి వస్తే పనికొస్తుంది. డబ్బు మొత్తం ముందే కట్టొద్దు. షర్టు తీసుకునేటప్పుడు కౌంటర్ మీదే తిరగేసి పక్క కుట్లు, చంకలు, కాజాలు చూడండి. కుర్రాడు కవర్లో పెట్టేయబోతాడు, ఆగమనండి.